తర్వాతి అంకె ఎవరికి తెలుసు? జావాలో రెండు ర్యాండమ్‌లు

2019లో ప్రపంచవ్యాప్త భద్రతా లోపాల జాబితాలోకి CVE-2019-16303 అనే నంబరుతో ఒక లోపం చేరింది. అది బయటపడింది జేహిప్‌స్టర్ అనే ఉచిత పనిముట్టులో. జావాలో వెబ్‌సైటు కట్టాలనుకునేవాళ్లకు లాగిన్, రిజిస్ట్రేషన్, పాస్‌వర్డ్ మార్చుకోవడం లాంటి మామూలు పనుల కోడంతా అదే తయారుచేసి ఇస్తుంది. ఆ కోడ్‌లో ఒక చిన్న పని ఉంది. మీరు పాస్‌వర్డ్ మరిచిపోయి "మార్చుకోవాలి" అని నొక్కితే, మీ మెయిల్‌కు ఒక లింకు వస్తుంది. ఆ లింకు చివర 20 అంకెల రహస్య సంఖ్య ఉంటుంది. అది ఎవరి దగ్గరుంటే వాళ్లు మీ ఖాతాకు కొత్త పాస్‌వర్డ్ పెట్టేయగలరు. దానికి పాత పాస్‌వర్డ్ అక్కర్లేదు, మరో ప్రశ్న కూడా ఎదురవదు.

20 అంకెలంటే ఊహకు అందని సంఖ్య. ఒక్కొక్కటీ ప్రయత్నిస్తూ పోతే ఎన్ని జన్మలెత్తినా దొరకదు. అయినా ఆ లోపం పరమ ప్రమాదకరమైనది. దాడి చేసేవాడు ముందు తన సొంత ఖాతాకే పాస్‌వర్డ్ మార్పు అడుగుతాడు. వెంటనే సైటు నిర్వాహకుడి ఖాతాకూ అడుగుతాడు. మొదటి లింకు తన మెయిల్‌కే వస్తుంది. రెండోది నిర్వాహకుడి మెయిల్‌కు వెళ్తుంది, అది వీడికి కనబడదు. కనబడనక్కర్లేదు కూడా. తనకొచ్చిన 20 అంకెలను చూసి అవతలివాడికి వెళ్లిన 20 అంకెలేమిటో లెక్కగట్టి తెలుసుకోవచ్చు.

దీనికి కారణం ఆ సంఖ్యలు పుట్టిన చోటు. జావాలో ఇష్టం వచ్చినట్టు వచ్చే సంఖ్యలు కావాలంటే ముఖ్యంగా రెండు క్లాసులున్నాయి. ఒకటి `java.util.Random`. ఇది తేలికైనది, వేగమైనది, భాష పుట్టిన నాటి నుంచీ ఉన్నది. రెండోది `java.security.SecureRandom`. జేహిప్‌స్టర్ వాడిన సహాయక లైబ్రరీ లోపల మొదటిదాన్ని వాడింది. రెండింటి నుంచీ వచ్చే సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. ఈ వ్యవహారంలో చాలామంది తడబడేది ఇక్కడే. చూడటానికి ఎంత గజిబిజిగా ఉందన్నది కాదు ప్రశ్న. కొన్ని సంఖ్యలు చూసినవాడు తర్వాతిది కట్టగలడా, కట్టగలిగితే వాడికేమైనా లాభముందా అన్నవే అడగాల్సినవి.

తేలిక క్లాసు లోపల ఏముందో చూస్తే మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. దానికి తెలిసిందల్లా ఒకే ఒక్క సంఖ్య. అది 48 బిట్ల సంఖ్య, అంటే దాదాపు 281 లక్షల కోట్ల విలువల్లో ఏదో ఒకటి. మనం ఒక కొత్త సంఖ్య అడిగిన ప్రతిసారీ అది చేసే పని ఇంతే:

```java
seed = (seed * 0x5DEECE66DL + 0xBL) & ((1L << 48) - 1);
return (int)(seed >>> 16);
```

మామూలు మాటల్లో చెప్పాలంటే, లోపలి సంఖ్యను 25,21,49,03,917తో గుణిస్తుంది, 11 కలుపుతుంది, చివరి 48 బిట్లు మాత్రం ఉంచుకుని మిగతావి పారేస్తుంది. అలా వచ్చిన దాంట్లో పై 32 బిట్లు మనకిస్తుంది, కింది 16 బిట్లు తన దగ్గర దాచుకుంటుంది. ఈ గుణకం రహస్యమేమీ కాదు, జావా అధికారిక పత్రాల్లోనే రాసి ఉంది. ఏ కంపెనీ జావా అయినా, ఏ కంప్యూటరైనా ఇదే లెక్క చేసి తీరాలని కూడా అక్కడ నియమం ఉంది. ఇది పంచాంగం లాంటిది. ఇవాళ్టి వారం తెలిసిన వాడికి రేపటిది ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక దాచుకున్న 16 బిట్లే దీనికున్న రక్షణ. అది ఎంతపాటి రక్షణో ఒక అసలు ఉదాహరణతో చూద్దాం. ఎవరైనా తమ కంప్యూటర్లో సరిచూసుకోవచ్చు. 42 అనే సంఖ్యతో ఈ క్లాసును మొదలుపెట్టి `nextInt()` రెండుసార్లు అడిగితే -1170105035, ఆ తర్వాత 234785527 వస్తాయి. 42తో మొదలైన సంగతి మనకు తెలియదనుకుందాం. కనబడినవి ఈ రెండు సంఖ్యలే.

మొదటి సంఖ్య మనకు లోపలి సంఖ్యలోని పై 32 బిట్లను ఇచ్చేసింది. తెలియనిది కింది 16 బిట్లు. 16 బిట్లకు సాధ్యమైన విలువలు 65,536 మాత్రమే. కాబట్టి సున్నా నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క విలువనూ చివర అతికించి, పైన చెప్పిన గుణింతం చేసి, వచ్చిన పై 32 బిట్లు 234785527 అవుతున్నాయా లేదా అని చూస్తూ పోతాం. 54,854 దగ్గరకు వచ్చేసరికి సరిపోతుంది. పొరపాటున మరో విలువ కూడా సరిపోయే అవకాశం సుమారు 65 వేలలో ఒక వంతు. అంటే దాదాపు లేనట్టే. ఇంతటితో లోపలి సంఖ్య మొత్తం మన చేతికి వచ్చేసింది. రెండో అడుగులో దాగిన భాగం 8,153 అని కూడా ఆ లెక్కే చెబుతుంది. మరోసారి గుణించి 11 కలిపితే మూడో సంఖ్య -1360544799. యంత్రాన్ని అడిగి చూడండి, అదే ఇస్తుంది. నాలుగోదీ, నలభయ్యోదీ కూడా ఇలాగే కట్టొచ్చు. ఈ వెతుకులాటంతా మామూలు ల్యాప్‌టాప్‌లో కంటిరెప్ప పాటు కూడా పట్టదు. వెనక్కి కూడా వెళ్లొచ్చు, ఎందుకంటే ఈ గుణింతాన్ని తిరగేసే లెక్క ఉంది. మీకన్నా ముందు వచ్చినవాడికి ఏ సంఖ్య వెళ్లిందో కూడా తెలిసిపోతుందన్నమాట.

"మేము మొత్తం సంఖ్యను ఎక్కడ చూపిస్తున్నాం, ఆరంకెల ఓటీపీయే కదా పంపేది" అని కొందరంటారు. అలా చేస్తే పని కొంచెం కష్టమవుతుందే తప్ప ఆగదు. `nextInt(900000)` రాసి దానికి లక్ష కలపడం చాలామందికి అలవాటు. ఈ క్లాసు లోపలి 31 బిట్ల సంఖ్యను 9,00,000తో భాగించి శేషాన్ని ఇస్తుంది. 9,00,000లో 32 కారణాంకం. అందుకని మీకొచ్చిన శేషాన్ని మళ్లీ 32తో భాగిస్తే, ఆ లోపలి సంఖ్యలోని చివరి 5 బిట్లు ఉన్నవి ఉన్నట్టు బయటపడతాయి. ఇలాంటి గుణింతాల్లో కింది బిట్లు పై బిట్ల మీద ఏమాత్రం ఆధారపడవు. కింది 22 బిట్లను మాత్రం పట్టుకుని విడిగా వెతకొచ్చు. అవి సుమారు 42 లక్షల అవకాశాలు. వరుసగా వచ్చిన అయిదారు ఓటీపీలుంటే వాటిలో సరైనది తేలిపోతుంది. మిగిలిన 26 బిట్లకు 6.7 కోట్ల అవకాశాలు. ఇవాళ్టి కంప్యూటరుకు అదో లెక్క కాదు.

ఆ ఓటీపీలన్నీ దాడి చేసేవాడు తన సొంత ఫోనుకే అడిగి తెప్పించుకుంటాడు. అతనికి అడ్డొచ్చేది ఒక్కటే. మధ్యలో వేరే జనం కూడా ఓటీపీలు అడుగుతుంటే వరుస తెగిపోతుంది, ఎన్ని సంఖ్యలు జారిపోయాయో ఊహించాల్సి వస్తుంది. అర్ధరాత్రి, రద్దీ లేని వేళ ప్రయత్నిస్తే ఆ ఇబ్బంది కూడా తగ్గిపోతుంది. సైటు రద్దీ మీద భద్రతను నిలబెట్టుకోవడం సరైన పద్ధతి కాదని నేను గట్టిగా నమ్ముతాను.

జేహిప్‌స్టర్ విషయంలో ఒక్క లింకే ఎందుకు చాలిందో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. 20 అంకెలంటే సుమారు 66 బిట్ల సమాచారం. యంత్రం దాచుకున్నది 48 బిట్లే. దాచుకున్న దానికన్నా ఎక్కువ ఒక్క మెయిల్‌లోనే బయటపెట్టేసింది. పైగా ఆ లైబ్రరీ అప్పట్లో సర్వరంతటికీ ఒకే యంత్రాన్ని వాడేది కాబట్టి, మీ లింకూ నిర్వాహకుడి లింకూ ఒకే వరుసలోని సంఖ్యలు. జేహిప్‌స్టర్ బృందం 6.3.0 వెర్షన్‌లో దీన్ని సరిచేసింది. అయితే ఆ పనిముట్టు కోడ్‌ను తయారుచేసి మన చేతికిచ్చి పక్కకు తప్పుకుంటుంది. కొత్త వెర్షన్ వేసుకున్నంత మాత్రాన అప్పటికే తయారై, సర్వర్ల మీద నడుస్తున్న సైట్లు బాగుపడలేదు. ఎవరి ఫైలు వాళ్లు తెరిచి మార్చుకోవాల్సి వచ్చింది.

`SecureRandom` దగ్గర ఈ ఆటలు ఎందుకు సాగవు? అది తన బలాన్ని ఒక గుణింతం మీద పెట్టదు. లినక్స్ మీద మామూలుగా అది ఆపరేటింగ్ సిస్టమ్‌ను, అంటే `/dev/urandom`ను అడుగుతుంది. పరికరాల నుంచి వచ్చే సంకేతాలు ఏ క్షణాన అందాయన్నట్టి, బయటివాడు ఊహించలేని వివరాలను కెర్నెల్ ఎప్పటికప్పుడు పోగుచేస్తూ ఉంటుంది. వాటిని కలిపి, రహస్య లిపి పద్ధతులతో పిండి సంఖ్యలు తీస్తుంది. ఆ పద్ధతులకున్న గుణం ఏమిటంటే, బయటికొచ్చిన సంఖ్యలు కోట్లలో చూసినా లోపలి స్థితిని రాబట్టే ఆచరణీయమైన మార్గం ఎవరికీ తెలియదు. వాడటం మాత్రం ఏమంత కష్టం కాదు:

```java
private static final SecureRandom RNG = new SecureRandom();
int otp = 100000 + RNG.nextInt(900000);
```

ఇది `Random`కు వారసురాలైన క్లాసే కాబట్టి పాత పేర్లన్నీ అలాగే పనిచేస్తాయి. చాలా చోట్ల మార్పు ఒక్క లైనే. అయినా ఆరంకెల ఓటీపీకి ఉన్న అవకాశాలు 9 లక్షలే అన్న సంగతి మారదు. గుడ్డిగా ప్రయత్నించేవాడిని ఆపాలంటే మూడుసార్లో అయిదుసార్లో తప్పితే ఆ ఓటీపీని రద్దు చేయాల్సిందే. `SecureRandom` ఆపేది లెక్కగట్టేవాడిని, ఊరికే ఊహించేవాడిని కాదు.

మరి మంచిదే ఉండగా తేలికదాన్ని ఎందుకు పట్టుకు వేలాడారు? దానికో చరిత్ర ఉంది. ఒకప్పుడు లినక్స్‌లో `/dev/random` అనే మూలం తగినన్ని వివరాలు పోగయ్యేదాకా జవాబివ్వకుండా ఆగిపోయేది. కొత్తగా లేచిన వర్చువల్ సర్వర్ల మీద కీబోర్డు, మౌసు ఉండవు, సందడీ ఉండదు. అక్కడ `SecureRandom` ఆ మూలాన్ని తాకిందంటే జావా ప్రోగ్రాము లేవకుండా నిమిషాల తరబడి కూర్చునేది. అర్ధరాత్రి సర్వరు లేవక తలపట్టుకున్న ప్రోగ్రామర్లు విసిగిపోయి `Random`కు మారిపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ ఇబ్బంది ఇప్పుడు చాలావరకు తీరింది. 2020లో వచ్చిన లినక్స్ 5.6 కెర్నెల్ నుంచి, యంత్రం లేచి ఒకసారి సిద్ధమయ్యాక `/dev/random` మళ్లీ ఆగదు. ఇక వేగం సంగతి. `SecureRandom` నెమ్మదైనదే, అందులో అబద్ధం లేదు. కానీ ఒక ఓటీపీ తయారీకి అది తీసుకునే సమయం ఆ ఎస్సెమ్మెస్ ఫోనుకు చేరే సమయం ముందు లెక్కలోకే రాదు. పాత పుకార్లు విని భద్రమైనదాన్ని వదులుకోవాల్సిన పని లేదు.

భద్రమైనదాన్ని కూడా చెడగొట్టుకోవచ్చు. "SHA1PRNG" అనే పేరుతో `SecureRandom` తెచ్చుకుని, దాని నుంచి ఏ సంఖ్యా తీయకముందే `setSeed(42)` అని రాస్తే, అది మనమిచ్చిన 42నే ఏకైక ఆధారంగా తీసుకుంటుంది. ప్రతిసారీ అవే సంఖ్యలు వస్తాయి. ఇంకొందరు `new Random(secure.nextLong())` అని రాసి, మొదలుపెట్టే సంఖ్య భద్రమైనది కాబట్టి అంతా భద్రమే అనుకుంటారు. మొదలు ఎంత రహస్యమైనా లోపలున్నది అదే గుణింతం, అవే 48 బిట్లు. రెండు సంఖ్యలు బయటికొస్తే చాలు.

సరే, తేలికదాన్ని ఎప్పుడు వాడొచ్చు? చాలా చోట్ల నిశ్చింతగా వాడొచ్చు. ఆ మాట చెప్పకపోతే దానికి అన్యాయం చేసినట్టే. ఆ సంఖ్యను ముందే కనిపెట్టినవాడికి దక్కేదేమీ లేనప్పుడు అది సరైన ఎంపిక. పిల్లల ఆటలో మేఘాలు ఎటు కదలాలి, సాధన కోసం పెట్టిన క్విజ్‌లో ప్రశ్నలు ఏ వరుసలో రావాలి, సర్వరు జవాబివ్వకపోతే మళ్లీ ఎన్ని మిల్లీసెకన్ల తర్వాత అడగాలి, లక్ష రికార్డుల్లోంచి పరిశీలనకు ఓ వెయ్యి ఏరడం ఎలా అనే చోట్ల శత్రువు లేడు.

కొన్ని పనుల్లో దాని ఊహించదగ్గ గుణమే మేలు చేస్తుంది. కరెంటు బిల్లులు లెక్కగట్టే ప్రోగ్రామును పరీక్షించడానికి పదివేల కల్పిత వినియోగదారులను తయారుచేశామనుకోండి. 7,312వ వినియోగదారుడి దగ్గర బిల్లు తప్పొచ్చింది. `new Random(42)`తో తయారుచేసి ఉంటే, రేపు మరో ఊళ్లో, మరో ప్రోగ్రామరు కంప్యూటరు మీద కూడా అదే 7,312వ వినియోగదారుడు అవే వివరాలతో పుడతాడు, అదే తప్పు మళ్లీ కనబడుతుంది. దాన్ని సరిచేయడం అప్పుడే సాధ్యం. `SecureRandom`తో ఆ వినియోగదారుడు మళ్లీ దొరకడు. ఇక్కడ భద్రమైనదాన్ని వాడటమే పొరపాటు.

ఇక్కడ కూడా ఒక జాగ్రత్త చెప్పాలి. ఒక్కో రికార్డుకూ దాని క్రమసంఖ్యతో కొత్త `Random` తయారుచేసి, మొదటి సంఖ్య మాత్రం తీసుకునేవాళ్లున్నారు. 0తో మొదలుపెట్టి `nextDouble()` అడిగితే 0.7309 వస్తుంది. 1తో అడిగితే 0.7308, 2తో అడిగితే 0.7311. దగ్గరి సంఖ్యలతో మొదలుపెడితే మొదటి ఫలితాలు కూడా దగ్గర దగ్గరే ఉంటాయి. సున్నాకూ ఒకటికీ మధ్య ఎక్కడైనా రావాల్సినవి ఒకే మూలన గుంపుగా చేరతాయి. ఇందులో దొంగ ఎవడూ లేడు, మన ఫలితమే తప్పుతుంది. ఒకే యంత్రాన్ని తయారుచేసుకుని దాన్నే వరుసగా అడుగుతూ పోవడం దీనికి మందు. కోట్ల సంఖ్యలు మింగే శాస్త్రీయ లెక్కలకు కూడా ఈ పాత క్లాసు తగినది కాదు. జావా 8లో వచ్చిన `SplittableRandom`, జావా 17లో `RandomGenerator` కింద చేరిన కొత్త పద్ధతులు వేగంలోనూ నాణ్యతలోనూ దీనికన్నా మెరుగు. అవి కూడా రహస్యాలకు పనికిరావని మరవకూడదు. `Math.random()` మాటకొస్తే, లోపల ఉన్నది ఈ తేలిక క్లాసే.

తేల్చుకోలేని చోట్లూ వస్తాయి. పేకముక్కలు కలిపే `Collections.shuffle` ఏమీ చెప్పకపోతే తేలిక క్లాసునే వాడుతుంది. కాలక్షేపానికి ఇంట్లో ఆడుకునే ఆటైతే దానికి పేరు పెట్టేదేం లేదు. డబ్బు పెట్టి ఆడే ఆటలో మాత్రం, చేతిలోని ముక్కలను బట్టి మిగతా కట్టను లెక్కగట్టగలవాడికి నేరుగా లాభముంది. పైగా 52 ముక్కల అమరికలు దాదాపు 226 బిట్లంత విశాలం. 48 బిట్లతో మొదలైన యంత్రం వాటిలో అత్యల్ప భాగాన్ని తప్ప మిగతావాటిని ఎన్నటికీ ముట్టుకోలేదు. అక్కడ `Collections.shuffle(deck, RNG)` అని భద్రమైనదాన్ని చేతికిస్తే సరిపోతుంది. ఇవాళ ఉచితంగా నడిచే ఆటలో రేపు బహుమతులు పెట్టే అవకాశం ఉంటే, ముందే భద్రమైనదాన్ని పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. బహుమతి ప్రకటించే రోజున ఈ ఒక్క లైను మార్చాలని గుర్తుంచుకునేవాళ్లు తక్కువ.

బయటి నుంచి ఊరికే చూసి ఒక సైటు ఏ క్లాసు వాడుతోందో చెప్పలేం. సంఖ్యలు సమానంగా పరుచుకున్నాయా అని చూసే సాదా గణాంక పరీక్షలు కూడా ఈ తేడాను పట్టవు. కోడ్ చదివితే తేలిపోతుంది. మీరు జావాలో పనిచేసేవారైతే మీ ప్రాజెక్టులో `new Random(`, `Math.random`, `RandomStringUtils` అనే మూడు పేర్లూ వెతకండి. దొరికిన ప్రతిచోటా ఆ సంఖ్య పాస్‌వర్డ్, లింకు, ఓటీపీ, సెషన్ గుర్తు, కూపన్ కోడ్ వీటిలో దేనికైనా వెళ్తోందా అని చూడండి. వెళ్తుంటే అక్కడ `SecureRandom` పెట్టండి. వెళ్లకపోతే ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచేయండి.